స్లైడ్ చెప్పేది వేరు, క్యాప్షన్ చెప్పేది వేరు

(కడపలో చిన్న వ్యాపారాల సోషల్ మీడియా పేజీలు నడిపేవాళ్ల కోసం జరిగిన సమావేశంలో ఒక క్యాప్షన్ రచయిత మాట్లాడిన మాటలకు ఇది రాతరూపం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే. ఇప్పుడు మీ ఫోన్లు బయటికి తీయండి. తిట్టడానికి కాదులెండి, పని ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మీ పేజీ తెరిచి, చివరగా పెట్టిన కరోజల్ పోస్టు చూడండి. కరోజల్ అంటే పక్కకు జరుపుతూ చూసే పోస్టు, అది మీకు తెలిసిందే. మొదట స్లైడ్ల మీద రాతలు మాత్రం చదవండి. తర్వాత కింద క్యాప్షన్ చదవండి. రెండిట్లో ఒకే మాటలు ఉన్నవాళ్లు చేతులెత్తండి.

చూశారా, సగం మందికి పైనే ఉన్నారు. మిగతావాళ్ల క్యాప్షన్ నేను చెప్పేదా? "స్వైప్ చేసి చూడండి", నాలుగు పువ్వుల బొమ్మలు, కింద వరసగా హ్యాష్‌ట్యాగులు. అంతే కదా? నవ్వుతున్నారంటే అంతేనన్నమాట.

ఈ రెండు రకాల్లోనూ జరుగుతున్నది ఒకటే. రాసే చోట్లు రెండున్నాయి, మీరు వాడుకుంటున్నది ఒకటే. ఈ పూట నేను చెప్పేదల్లా స్లైడ్ మీద ఏ మాట ఉండాలి, క్యాప్షన్‌లో ఏ మాట ఉండాలి, వాటిని ఎలా ముడివేయాలి అన్నది. ఫోటోలు ఎలా తీయాలి, ఏ టైముకు పోస్టు పెట్టాలి, ఆ గొడవ ఇవాళ వద్దు.

ఉదాహరణ మన ఊరి సరుకుతోనే చెప్తా. యర్రగుంట్ల వైపు ఒక బండల అంగడి ఉంది. పేరు అడగొద్దు. కడప బండలు అమ్ముతారు. వాళ్లకు ఎప్పుడూ వచ్చే ఫిర్యాదు ఏమిటంటే, "కొత్తగా వేసిన బండలు తెల్లగా మచ్చలు పడ్డాయి, మీ సరుకు బాగలేదు" అని. సరుకు బాగానే ఉంది. మరి మచ్చలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఇక్కడ మేస్త్రీ పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చెప్పన్నా. యాసిడ్. అంతే. బండలు పరిచాక పైన సిమెంటు మరకలు ఉంటాయి. టైల్స్ మీద చేసిన అలవాటుతో ఆ మరకలు పోవాలని యాసిడ్ పోస్తారు. కడప బండ సున్నపురాయి జాతిది. సున్నపురాయి మీద యాసిడ్ పడితే బుసబుస పొంగి పైపొర కరిగిపోతుంది. ఆ తెల్లమచ్చ తుడిస్తే పోయే మరక కాదు, రాయే కరిగిపోయిన చోటు.

ఈ సంగతి చెప్పడానికి ఆ అంగడి వాళ్లు ఒక కరోజల్ పెట్టారు. స్లైడుకో పేరా. నల్ల బండ ఫోటో మీద తెల్ల అక్షరాలతో పది లైన్లు. అవే పేరాలు కింద క్యాప్షన్‌లో కూడా అతికించారు. పోస్టు కింద వచ్చిన కామెంట్లు ఏమిటో తెలుసా? "మరక ఎట్ల పోతుంది అన్నా?", "రేటెంత?", "కడపలో ఎక్కడ?" అని. మూడిటికీ జవాబు పోస్టులోనే ఉంది. ఉండి ఏం లాభం? ఎవరికీ కనబడలేదు.

దీన్ని తిరగరాసేముందు రెండు చోట్ల మధ్య తేడా తేల్చుకుందాం. నా లెక్కలో ముఖ్యమైన తేడాలు మూడు.

మొదటిది. స్లైడ్ మీద రాత బొమ్మలో కలిసిపోయి ఉంటుంది. పోస్టు పెట్టాక దాన్ని దిద్దలేరు. కావాలంటే ఆ స్లైడ్‌ను తీసేయొచ్చు, అంతే. దాని జాగాలో కొత్త బొమ్మ పెట్టడం కుదరదు. క్యాప్షన్‌ను మాత్రం ఎప్పుడైనా ఎడిట్ చేసుకోవచ్చు. అంటే ఏమిటి? మారే సంగతులు స్లైడ్ ఎక్కకూడదు. రేటు, ఫోన్ నంబరు, అంగడి తెరిచే వేళలు, ఫలానా తేదీ వరకు తగ్గింపు, ఇవన్నీ క్యాప్షన్‌లోకి పోవాలి. రాయికి యాసిడ్ పడదు అన్నది ఏ సంవత్సరమైనా మారదు. అది ధైర్యంగా స్లైడ్ ఎక్కొచ్చు. నిరుటి రేటు స్లైడ్ మీద ఉంచుకుని ఇప్పుడు కస్టమర్‌తో వాదించేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారని నాకు తెలుసు.

రెండోది. స్లైడ్ ఒంటరిగా తిరుగుతుంది. జనం ఏం చేస్తారు? నచ్చిన స్లైడ్‌ను స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో పడేస్తారు. "మేస్త్రీకి చూపించు" అని బావమరిదికి పంపిస్తారు. అప్పుడు దాని వెంట క్యాప్షన్ పోదు, ముందు స్లైడూ పోదు, వెనక స్లైడూ పోదు. అందుకే స్లైడ్ మీద "దీని మీద అది పోస్తే ఇలా అవుతుంది" అని రాయకూడదు. దేని మీద? ఏది పోస్తే? "కడప బండ మీద యాసిడ్ పడితే ఇలా అవుతుంది" అని రాయాలి. ప్రతి స్లైడ్‌లో విషయం పేరు ఉండాలి, మూలన చిన్నగా మీ పేజీ పేరు ఉండాలి. ఇంకో సంగతి. మొదటిసారి ఆగకుండా పైకి జరిపేసిన మనిషికి ఇన్‌స్టాగ్రామ్ అదే పోస్టును మళ్లీ చూపించేటప్పుడు ఒక్కోసారి రెండో స్లైడ్‌తో మొదలుపెడుతుంది. కాబట్టి రెండో స్లైడ్ కూడా గుమ్మమే. అది "అందుకే" అనో "అయితే" అనో మొదలైతే కొత్తగా చూసేవాడికి ఏం తెలుస్తుంది?

మూడోది చాలామంది గమనించరు. స్లైడ్లు కదులుతాయి, క్యాప్షన్ కదలదు. నేను నాలుగో స్లైడ్ దగ్గరున్నా కింద కనబడేది అదే క్యాప్షన్, అదే మొదటి లైను. కాబట్టి క్యాప్షన్‌లో "ఈ ఫోటోలో చూడండి" అని రాస్తే ఏ ఫోటో అని అర్థం? ఏడు ఫోటోలు ఉన్నాయి కదా. "రెండో స్లైడ్‌లో కనబడే తెల్లమచ్చ" అని రాయాలి. అంకె చెప్పండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. తర్వాత ఎప్పుడైనా ఒక స్లైడ్ తీసేస్తే అంకెలన్నీ ఒకటి జరుగుతాయి. వెంటనే క్యాప్షన్ కూడా సరిచేయండి.

బస్సు ముందు బోర్డు ఉంటుంది, లోపల కండక్టర్ ఉంటాడు. బోర్డు మీద "ప్రొద్దుటూరు" అని చాలు, దూరం నుంచి కనబడాలి. టికెట్ ఎంత, మధ్యలో ఎక్కడ ఆగుతుంది, ఎంతసేపట్లో కదులుతుంది, ఇవన్నీ కండక్టర్ చెప్తాడు. బోర్డు మీద టికెట్ రేట్లన్నీ రాస్తే ఊరి పేరు కనబడదు. స్లైడ్ బోర్డు, క్యాప్షన్ కండక్టర్. అంతే.

సరే, ఇప్పుడు ఆ బండల పోస్టును తిరగరాద్దాం. ఇక్కడ స్క్రీన్ లేదు, కాబట్టి ఒక్కొక్కటి నెమ్మదిగా చదువుతా. రాసుకునేవాళ్లు రాసుకోండి.

మొదటి స్లైడ్. పనివాడి చేతిలో యాసిడ్ బాటిల్, కింద నల్ల బండలు. రాత: "కొత్త ఇంటికి కడప బండలు వేశారా? యాసిడ్ బాటిల్ మూత తీయకండి." ఇంతే. అంగడి పేరు పెద్దగా వేయాలని యజమాని పట్టుబట్టాడు. మూలన చిన్నగా వేద్దాం అన్నాను. ఎందుకంటే చూసేవాడికి ముందు తన ఇల్లు గుర్తుకు రావాలి, మన అంగడి తర్వాత.

రెండో స్లైడ్. తెల్లమచ్చ దగ్గరి నుంచి తీసిన ఫోటో. "కడప బండ మీద యాసిడ్ పడితే ఇలా అవుతుంది. ఇది మరక కాదు, రాయి పైపొర కరిగింది." చూశారా, ఇది ఒక్కటే వాట్సాప్‌లో పోయినా పని చేస్తుంది.

మూడో స్లైడ్. బండ ముక్క మీద యాసిడ్ చుక్క పడి నురగ వస్తున్న ఫోటో. "కడప బండ సున్నపురాయి. యాసిడ్‌కు కరుగుతుంది." ఇక్కడ ఫోటోయే మాట్లాడుతోంది, కాబట్టి రాత తక్కువ. ఫోటోలో కనబడేదాన్నే మళ్లీ అక్షరాల్లో పెట్టొద్దు. "ఇక్కడ నురగ వస్తోంది" అని రాయడం ఎందుకు? వాడికి కళ్లున్నాయి.

నాలుగు. మేస్త్రీ తడిగుడ్డతో తుడుస్తున్నాడు. "బండ మీద సిమెంటు పడిందా? ఆరకముందే తడిగుడ్డతో తుడిపించండి." ఐదు. "సిమెంటు ఆరిపోయిందా? చెక్క ముక్కతో మెల్లగా గీకి, నీళ్లతో కడగండి. కడప బండకు యాసిడ్ వద్దు." ఆరు, ఇల్లు చేరాక రోజూ తుడిచే సంగతి. "కడప బండ నేలకు నీళ్లు, కొద్దిగా సబ్బు చాలు. నిమ్మకాయ, వెనిగర్, బాత్రూమ్ యాసిడ్ తగలనీయకండి." ఏడు, చివరిది. "కడప బండ మీద ఇప్పటికే యాసిడ్ పోశారా? ఏం చేయాలో కింద క్యాప్షన్‌లో ఉంది."

ఈ ఏడో స్లైడ్ దగ్గర ఆగుదాం, ఎందుకంటే ముడి ఇక్కడుంది. చివరి స్లైడ్‌లో చాలామంది "లైక్ చేయండి, షేర్ చేయండి, ఫాలో చేయండి" అని పెడతారు. చివరిదాకా జరిపిన మనిషి ఎవరు? నిజంగా అవసరం ఉన్నవాడు. బహుశా అప్పటికే యాసిడ్ పోసి తల పట్టుకున్నవాడు. వాడికి కావాల్సిన జవాబు క్యాప్షన్‌లో ఉందని చెప్తే తప్పకుండా కిందికి పోయి తెరుస్తాడు. ఊరికే "మరిన్ని వివరాలు క్యాప్షన్‌లో" అంటే ఎవరూ తెరవరు. ఏ వివరం? దాని పేరు చెప్పండి. "ఏం చేయాలో", "రేటు ఎంతో", "ఏ పాలిష్ అడగాలో", ఇలా ఏదో ఒక్కటి పేరుపెట్టి పిలవండి.

ఇప్పుడు క్యాప్షన్‌కు వద్దాం. క్యాప్షన్ మొత్తానికి 2200 క్యారెక్టర్ల హద్దు ఉంది. అది మనకు పెద్ద ఇబ్బంది కాదు. ఇబ్బంది అంతా మొదటి లైనుతోనే. ఫీడ్‌లో క్యాప్షన్ మొదట్లో కొంచెమే కనబడుతుంది. మిగతాది నొక్కి తెరవాలి. ఆ కొంచెం 125 క్యారెక్టర్లని సాధారణంగా చెప్పుకుంటారు, ఫోన్‌ను బట్టి అటూ ఇటూ అవుతుంది. మన తెలుగుతో ఒక చిక్కుంది. "మేస్త్రీ" అని రాస్తే మన కంటికి రెండు అక్షరాలు. ఫోన్ లెక్కలో ఎన్నో తెలుసా? 8. ఒత్తులు, గుణింతాలు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. కాబట్టి తెలుగులో ఆ 125 అనేది పది, పన్నెండు మాటలకే అయిపోతుంది. "మా మిత్రులకు, శ్రేయోభిలాషులకు, ఆదరిస్తున్న కస్టమర్లకు హృదయపూర్వక" అనే లోపలే సగం జాగా అయిపోయింది, ఇంక సంగతి ఎక్కడ?

మొదటి స్లైడ్ రాతను మొదటి లైనుగా పెట్టొచ్చా? వద్దు. ఆ రాత పైన పెద్దగా ఉంది కదా, కింద మళ్లీ చదివితే ఏం లాభం? స్లైడ్ ఏం జరుగుతుందో చెప్పింది. మొదటి లైను ఇది ఎవరికి, ఎప్పుడు పనికొస్తుందో చెప్పాలి. మేం పెట్టింది ఇది: "ఇల్లు కట్టేవాళ్లు బండలు పరచకముందే మేస్త్రీకి ఈ మాట చెప్పండి." స్లైడ్ భయం పెట్టింది, లైను పని చెప్పింది. రెండూ కలిపి చదివితేనే పూర్తి అవుతుంది. విడిగా చదివినా తప్పు అర్థం రాదు.

తర్వాత నొక్కి తెరిచినవాడికి స్లైడ్ల మీద పట్టని సంగతులు ఉన్నాయి. చదువుతా వినండి.

"సిమెంటు మరకలకు టైల్స్ మీద యాసిడ్ వాడిన అలవాటు చాలామందికి ఉంది. అది కడప బండలకు పనికిరాదు. మేస్త్రీని తప్పుపట్టకండి, పని మొదలయ్యే రోజే చెప్పండి. రెండో స్లైడ్‌లో ఉన్నట్టు తెల్లమచ్చ ఇప్పటికే పడిందా? సబ్బుతో, నూనెతో అది పోదు. నూనె రాస్తే కొన్నాళ్లు నల్లగా కనబడుతుంది, దుమ్ము పట్టి మళ్లీ బయటపడుతుంది. ఆ చోట మళ్లీ పాలిష్ పట్టించాలి. మచ్చ ఎంత లోతో చూడకుండా ఖర్చు చెప్పలేం, పగటి వెలుతురులో ఫోటో తీసి పంపండి. వంటగట్టుకు కడప బండ వేసుకున్నవాళ్లు నిమ్మరసం, చింతపండు పులుసు పడితే వెంటనే తుడవండి."

దీని కింద అంగడి చిరునామా, వేళలు, చదరపు అడుగు రేటు, ఆ రేటు ఏ తేదీదో. అంతే, అయిపోయింది.

ఇందులో గమనించారా, ఆరో స్లైడ్‌లో నిమ్మకాయ వచ్చింది, క్యాప్షన్‌లోనూ వచ్చింది. మరి ఒకే మాట రెండుసార్లు వద్దన్నానే? స్లైడ్‌లో వచ్చింది నేల తుడవడానికి వాడొద్దని. క్యాప్షన్‌లో వచ్చింది వంటగట్టు మీద పొరపాటున పడితే ఏం చేయాలని. విషయం ఒకటే కానీ పని వేరు. ఈ మాత్రం కలవడం మంచిదే. స్లైడ్‌కూ క్యాప్షన్‌కూ మధ్య ఒకట్రెండు మాటలైనా కలవకపోతే అవి వేరే వేరే పోస్టుల్లా కనబడతాయి.

మీరు రాసింది సరిగ్గా పంచారో లేదో తెలుసుకోవడానికి నేను చేసేది ఒకటుంది. పోస్టు పెట్టేముందు ఇంట్లో ఇద్దరిని పిలవండి. ఒకరికి స్లైడ్లు మాత్రం చూపించండి, ఇంకొకరికి క్యాప్షన్ మాత్రం చదివి వినిపించండి. తర్వాత ఇద్దరినీ "ఏం అర్థమైంది?" అని అడగండి. ఇద్దరూ ఒకే జవాబు చెప్తే మీరు రెండుసార్లు రాశారు. స్లైడ్లు చూసినవారికి ఏమీ అర్థం కాకపోతే అసలు సంగతి క్యాప్షన్‌లో దాక్కుంది, పైకి తీయండి. క్యాప్షన్ విన్నవారు "దేని గురించి ఇది?" అంటే అందులో విషయం పేరు లేదన్నమాట. విషయం పేరు క్యాప్షన్‌లో ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంది, వెతికేవాళ్లు. క్యాప్షన్ మాటలు వెతుకులాటకు పనికొస్తాయి, స్లైడ్ మీది బొమ్మ అక్షరాలను నమ్ముకోకండి. మన జనం "కడప బండలు" అని వెతుకుతారు, "నాపరాళ్లు" అని వెతుకుతారు, `kadapa stone` అని ఇంగ్లీషులోనూ కొడతారు. మూడూ వాక్యాల్లో ఎక్కడో ఒకచోట సహజంగా వచ్చేలా చూడండి.

పోస్టు పెట్టాక కామెంట్లే పరీక్ష. క్యాప్షన్‌లో ఉన్నదాన్నే జనం అడుగుతుంటే స్లైడ్ నుంచి కిందికి దారి లేదని అర్థం. స్లైడ్ దిద్దలేం కదా, అప్పుడేం చేయాలి? ఆ జవాబును క్యాప్షన్ మొదటి లైనులోకి ఎక్కించండి. స్లైడ్‌లో ఉన్నదాన్నే అడుగుతుంటే ఆ స్లైడ్ దాకా వాళ్లు రాలేదు, లేదా వచ్చినా అక్షరాలు కనబడలేదు. అది వచ్చే పోస్టులో సరిచేసుకోవాల్సిందే.

అక్షరాలు కనబడటం అంటే గుర్తొచ్చింది. తెలుగుకు ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి పోతాయి. ఇంగ్లీషుకు పెట్టినట్టు లైన్లు దగ్గరగా పెడితే పై లైను ఒత్తు కింది లైను గుడిని గుద్దుకుంటుంది. అక్షరం ఎత్తుకు సగం ఖాళీ అయినా లైన్ల మధ్య వదలండి. స్లైడుకు ఇరవై మాటలు దాటనీయకండి. దాటుతుంటే అక్షరం చిన్నది చేయొద్దు, మాటలను క్యాప్షన్‌కు దించండి. స్లైడ్లు 20 దాకా పెట్టనిస్తారు ఇప్పుడు, మునుపు 10 ఉండేది. పెట్టనిస్తారు కదా అని పెట్టకండి.

ఇంకోటి, డీటీపీ సెంటర్లో పోస్టర్లు చేయించుకునేవాళ్లకు. అను ఫాంట్లలో టైప్ చేసిన రాతను తీసుకొచ్చి క్యాప్షన్‌లో అతికిస్తే పిచ్చిగీతలు పడతాయి. అది యూనికోడ్ కాదు. స్లైడ్ బొమ్మకు ఏ ఫాంటైనా ఫర్వాలేదు, క్యాప్షన్ మాత్రం ఫోన్ కీబోర్డుతోనే కొట్టండి.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పండి అక్కా.

అక్క అడుగుతున్నది ఏమిటంటే, "మాది చీరల అంగడి, మాకు చెప్పడానికి యాసిడ్ కథ లేదు, ఏడు స్లైడ్లలో ఏడు చీరలే ఉంటాయి, అప్పుడెట్లా?" అని. మంచి ప్రశ్న. ఏడు చీరలైతే ప్రతి స్లైడ్ మీద కొనేవాళ్లు ఎంచుకోవడానికి కావాల్సింది ఒక్కటే రాయండి. చీరకు ఒక అంకె, రంగు, పట్టా కాటనా, అంతే. స్క్రీన్‌షాట్ తీసి "మూడో నంబరు ఉందా?" అని మీకే పంపుతారు, చూడండి. రేట్లు క్యాప్షన్‌లో అవే అంకెలతో వరసగా. ఒకటి అమ్ముడుపోతే క్యాప్షన్‌లో ఆ అంకె పక్కన "అయిపోయింది" అని రాయండి. ఆ స్లైడ్‌ను తీసేయకండక్కా. బొమ్మ మీద మీరు వేసిన నంబరు మారదు, స్లైడ్ల వరస మాత్రం జరుగుతుంది. నాలుగో నంబరు చీర మూడో స్లైడ్‌లోకి వస్తుంది. "నాలుగో స్లైడ్ చీర" అని ఒకరు అడుగుతారు, "నాలుగో నంబరు చీర" అని ఇంకొకరు అడుగుతారు, మీరు ఒకటి ప్యాక్ చేయబోయి ఇంకోటి ప్యాక్ చేస్తారు.

చూపు లేనివాళ్ల సంగతి ఆ తమ్ముడు అడిగాడు. వాళ్లు ఫోన్ చదివి వినిపిస్తే వింటారు. స్లైడ్ మీది అక్షరాలు వాళ్లకు అందుతాయని అనుకోవద్దు, అది బొమ్మ. పోస్టు పెట్టేటప్పుడు సెట్టింగుల్లో ఆల్ట్ టెక్స్ట్ అని ఉంటుంది, ఒక్కో ఫోటోకు విడిగా రాయొచ్చు. స్లైడ్ మీది రాతను అక్కడ ఉన్నదున్నట్టు టైప్ చేసి, ఫోటోలో ఏముందో ఒక వాక్యం చేర్చండి. "నల్ల బండ మీద అరచేయంత తెల్లమచ్చ" అని. దానికోసం స్లైడ్ రాతంతా మళ్లీ క్యాప్షన్‌లోకి తేవాల్సిన పని లేదు.

ఇంకెవరు? భోజనాలు తయారైనట్టున్నాయి. ఆ చివర అన్న ఒక్కడు అడిగేస్తే లేద్దాం. అవునన్నా, పాత పోస్టులకు కూడా చేయొచ్చు. స్లైడ్ల మీద రాత దిద్దలేరు కానీ క్యాప్షన్ మొత్తం మార్చుకోవచ్చు. బాగా చూసిన పోస్టులు తీసుకుని, స్లైడ్ల మీద ఉన్న పేరాలన్నీ క్యాప్షన్‌లోంచి కొట్టేసి, కామెంట్లలో జనం అడిగినవాటికి జవాబులు అక్కడ పెట్టండి. మొదటి లైను మాత్రం చివర్లో రాయండి, అన్నీ రాశాక.